స్కోరు దాటిన లీడ్‌కి ఫోన్ చేస్తే "మీరెవరు?" అంటున్నారా? ముందు ఈ ఒక్కటి చూడండి

కొనే అవకాశం ఉన్నవాళ్లు, అంటే లీడ్స్, మన మెయిల్ తెరిచినా సైట్ చూసినా పాయింట్లు పడతాయి, ఆ స్కోరు ఒక గీత దాటితే సేల్స్ వాళ్లు ఫోన్ చేస్తారు. అక్కడ సమస్య ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. మార్కెటింగ్ వాళ్లు ఈ నెల ఇన్ని లీడ్స్ పంపాం అంటారు, సేల్స్ వాళ్లు అందులో పనికొచ్చేవి నాలుగైదు కూడా లేవంటారు. మీరు సరిగ్గా ఫోన్ చేయట్లేదని వీళ్లు, మీ స్కోరింగే తప్పని వాళ్లు. తర్వాత ఒక మీటింగ్, అందులో స్కోరు గీతని 100 నుంచి 130కి పెంచాలన్న నిర్ణయం, రెండు నెలలయ్యాక మళ్లీ అదే గొడవ.

గీత పెంచే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. సేల్స్ వెనక్కి పంపిన లీడ్స్‌లో చివరి 30 తీసుకుని, ఒక్కో రికార్డు తెరిచి, ఆ పాయింట్లు ఏ పనికి, ఏ సమయంలో వచ్చాయో చదవండి. మొత్తం స్కోరు చూస్తే ఏమీ తెలియదు, యాక్టివిటీ లాగ్ చదవాలి. దీనికి రెండు గంటలు పడుతుంది. డ్యాష్‌బోర్డులు తయారు చేయడానికి రెండు వారాలు పెట్టేవాళ్లు కూడా ఈ రెండు గంటలు పెట్టరు, నాకు అర్థం కానిది అదే.

చదివేటప్పుడు కొన్ని కారణాలు వెంటనే కనిపిస్తాయి. ఉద్యోగాల పేజీ పదిసార్లు చూసినవాళ్లు ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు, ఆ పేజీకి పాయింట్లు తీసేయండి. ఏడాది కింద వెబినార్‌కి వచ్చినవాళ్ల పాయింట్లు ఇంకా అలాగే ఉంటే, 30 రోజులు దాటినవాటిని సగం చేయండి, 90 రోజులు దాటితే సున్నా. ఇవి అందరికీ తెలిసినవే. నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి, అది లాగ్‌లో ఉన్నా కంటికి ఆనదు.

మనిషి చేయని క్లిక్కులు

లక్షణం ఇలా ఉంటుంది. లీడ్ మంచి కంపెనీది, హోదా బాగుంది, మన మెయిల్స్‌లో బోలెడు క్లిక్కులున్నాయి. ఫోన్ చేస్తే ఆ మనిషి "నేను మీ మెయిల్ చూడనే లేదండీ" అంటారు. సేల్స్ వాళ్లు ఆయన తప్పించుకుంటున్నారనుకుంటారు. నిజానికి ఆయన చెప్పింది నిజమే.

చాలా కంపెనీల్లో మెయిల్ ఉద్యోగి ఇన్‌బాక్స్‌కి చేరేముందు ఒక సెక్యూరిటీ స్కానర్ గుండా వెళ్తుంది. లింకుల వెనక వైరస్, మోసపు పేజీ లాంటివేమైనా ఉన్నాయేమో చూడటానికి ఆ స్కానర్ ఒక్కో లింకూ తానే తెరుస్తుంది. మన మార్కెటింగ్ టూల్‌కి అది క్లిక్‌లాగే కనిపిస్తుంది. ఓపెన్‌ల లెక్కా చెడిపోయింది. 2021 సెప్టెంబర్‌లో ఐఓఎస్ 15తో పాటు యాపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ తెరవకపోయినా లోపలి బొమ్మలు ముందే లోడ్ అవుతాయి, మన లెక్కలో ఓపెన్ పడిపోతుంది.

నేను ఒకచోట దీనివల్ల ఆరు నెలలు నష్టపోయాను, అందుకే లెక్కతో చెప్తాను. అక్కడి స్కోరింగ్ ఇది: ఓపెన్‌కి 2, ఒక్కో క్లిక్‌కి 5, ధరల పేజీ చూస్తే ప్రతిసారీ 15, ఐదు వందల మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీ అయితే 30. గీత 100. మా మెయిల్లో లోగో, బొమ్మ, బటన్, కింది వరుస అన్నీ కలిపి 7 లింకులు. స్కానర్ అన్నీ తెరిస్తే 35, ఓపెన్ 2, అంటే ఒక్క మెయిల్‌కే 37. రెండు మెయిల్స్‌కి 74. దానికి పెద్ద కంపెనీ 30 కలిస్తే 104. ఒక్క మనిషి కూడా వేలు కదపకుండా లీడ్ గీత దాటి సేల్స్ చేతికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నిజమైన ఆసక్తి ఉన్న మనిషిని చూడండి. అదే సైజు కంపెనీ, కాకపోతే అక్కడ అలాంటి స్కానర్ లేదు. ఒక మెయిల్ తెరిచారు, ఒక బటన్ నొక్కారు, ధరల పేజీ రెండుసార్లు చూశారు. 30, 2, 5, 30, మొత్తం 67. కొనే ఆలోచనలో ఉన్న మనిషి కింద మిగిలిపోయారు. మేం గొడవ తగ్గించడానికి గీతని 130 చేశాం. స్కానర్ మూడో మెయిల్‌కి 141 దగ్గరికి చేరింది, ఈ మనిషి 67 దగ్గరే ఉన్నారు. మనుషులు ఒక మెయిల్లో ఒక లింకు నొక్కుతారు, స్కానర్ అన్నీ తెరుస్తుంది, కాబట్టి గీత పెంచిన ప్రతిసారీ ముందు రాలిపోయేది మనుషులే.

ఇది ఇంతకాలం దొరక్కపోవడానికి ఇంకో కారణం ఉంది, నన్ను బాగా దెబ్బతీసింది అదే. ఇలాంటి స్కానర్లు ఎక్కువగా ఉండేది పెద్ద కంపెనీల్లో, మనకి కావాల్సిన కస్టమర్లూ ఆ పెద్ద కంపెనీలే. అందుకని "ఎక్కువ క్లిక్ చేసినవాళ్లు ఎక్కువగా కస్టమర్లయ్యారా?" అని పాత డేటాలో చూస్తే అవుననే వస్తుంది. నేనూ అలాగే చూసి, స్కోరింగ్ బాగానే ఉందని సేల్స్ హెడ్‌తో వాదించాను. ఆ లెక్క చూపించింది కంపెనీ సైజు ప్రభావాన్ని. ఒకే సైజు కంపెనీలను మాత్రమే తీసుకుని మళ్లీ చూస్తే క్లిక్కుల తేడా దాదాపు కనిపించలేదు.

ఎలా కనిపెట్టాలి

మెయిల్ టూల్ నుంచి డెలివరీ సమయం, క్లిక్ సమయం, లింకు ఉన్న ఫైలు దించుకోండి. B కాలమ్‌లో డెలివరీ, C కాలమ్‌లో క్లిక్ ఉంటే మధ్య ఎన్ని సెకన్లో ఇలా వస్తుంది:

```
=(C2-B2)*86400
```

డెలివరీ అయిన కొన్ని సెకన్లలోనే క్లిక్ పడటం, ఒకే మెయిల్లోని లింకులన్నీ ఒకటి రెండు సెకన్ల తేడాతో తెరుచుకోవడం, ఒకే కంపెనీ డొమైన్‌లో ఉన్న పదిమందికీ అదే వరస ఉండటం, ఈ మూడూ కలిస్తే ఇంక సందేహం అక్కర్లేదు. ఒక్క సమయం మీదే ఆధారపడకండి. కొన్ని స్కానర్లు కాసేపాగి తెరుస్తాయి, కొన్ని పేజీని పూర్తిగా లోడ్ చేస్తాయి, కాబట్టి వెబ్‌సైట్‌లో ఒక పేజీ వ్యూ పడిందంటే మనిషే వచ్చారని కాదు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే చదివేవాళ్లకి కనిపించని ఒక లింకు మెయిల్లో పెట్టండి. దాన్ని నొక్కింది మనిషి అయ్యే అవకాశం దాదాపు లేదు.

మా సేల్స్ వాళ్లు వెనక్కి పంపిన 30 లీడ్స్ చూస్తే 19 ఇలాంటివే. (అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా చూసుకోండి. తెరవగానే జాబితాలోంచి తీసేసే పేజీ అయితే స్కానర్ ఆ మనిషిని తీయించేస్తుంది. 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం RFC 8058 ఒక్క క్లిక్ అన్‌సబ్‌స్క్రైబ్‌కి, లింకు తెరిచినంత మాత్రాన జరగని POST పద్ధతి వాడాలని చెప్పింది ఇలాంటి ఇబ్బంది వల్లే.)

ఎలా సరిచేయాలి

ఓపెన్‌లకి పాయింట్లు పూర్తిగా తీసేయండి. క్లిక్‌కి ఒక మెయిల్‌కి ఒక్కసారే పాయింట్లు ఇవ్వండి, ఎన్ని లింకులు తెరిచినా 5 మించకూడదు. ఈ ఒక్క మార్పుతోనే స్కానర్ బలం ఏడో వంతుకి పడిపోతుంది. దాని తర్వాత, క్లిక్ అయ్యాక సైట్‌లో ఇంకో పేజీకి వెళ్లడం, ఫారం నింపడం లాంటి పని జరిగితేనే ఆ 5 లెక్కలోకి రావాలని పెట్టండి. మీ టూల్‌లో బాట్ ఫిల్టర్ ఉంటే ఆన్ చేయండి, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి.

రెండు జాగ్రత్తలు. అనుమానం వచ్చిన లీడ్‌ని తీసిపారేయొద్దు. స్కానర్ క్లిక్ ఆ మనిషి గురించి మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. ఆ పాయింట్లు మాత్రం తీయండి. రెండోది, రూల్ మార్చగానే పాత పాయింట్లు వాటంతట అవే తగ్గుతాయనుకోకండి. చాలా టూల్స్‌లో ఒకసారి ఇచ్చిన పాయింట్లు అలాగే ఉండిపోతాయి, స్కోర్లన్నీ మళ్లీ మొదటినుంచి లెక్కించాలి. ఇది చేయకపోవడం వల్ల "సరిచేసినా ఏం మారలేదు" అని వదిలేసినవాళ్లని చూశాను.

అలాగే కంపెనీ సరిపోతుందా అన్నదీ, ఆసక్తి ఉందా అన్నదీ ఒకే అంకెలో కలపకండి. సరిపోవడానికి A, B, C అని అక్షరం, ఆసక్తికి అంకె. A వచ్చినా ఆసక్తి సున్నా అయితే అది సేల్స్‌కి సిద్ధమైన లీడ్ కాదని చూడగానే తెలుస్తుంది.

మార్చాక లీడ్స్ తగ్గుతాయి, ఆ మాట ముందే మాట్లాడుకోండి

మా దగ్గర నెలకి 64 వెళ్లేవి, సరిచేశాక 22కి వచ్చాయి. సేల్స్ ఒప్పుకున్నవి మాత్రం 13 నుంచి 15 అయ్యాయి. మార్కెటింగ్ టార్గెట్ "ఎన్ని పంపారు" అని ఉంటే ఈ మార్పు చేసినవాళ్లకే దెబ్బ పడుతుంది, అందుకే చాలాచోట్ల తెలిసినా ఎవరూ కదిలించరు. టార్గెట్‌ని "సేల్స్ ఒప్పుకున్నవి ఎన్ని" అని ముందు మార్పించుకుని, తర్వాత రూల్స్ ముట్టుకోండి.

అప్పుడు నిర్వచనం దగ్గరికి రండి. 30 లీడ్స్ తీసుకోండి, స్కోరు దాచేయండి, మార్కెటింగ్ నుంచి ఇద్దరు, సేల్స్ నుంచి ఇద్దరు విడివిడిగా "ఇప్పుడు ఫోన్ చేయొచ్చు", "ఇప్పుడే వద్దు" అని రాయాలి. తేడా వచ్చినవాటి గురించే మాట్లాడండి. మా వాళ్లలో ఎక్కువ తేడా వచ్చింది గైడ్ డౌన్‌లోడ్ చేసినవాళ్ల దగ్గర. మార్కెటింగ్‌కి అది కొనే సూచన, సేల్స్‌కి అది చదువుకోవడం. చివరికి కుదిరింది ఇది: కంపెనీ A లేదా B, గత 14 రోజుల్లో ధరల పేజీకి రెండుసార్లు రావడం లేదా డెమో అడగడం. డెమో అడిగితే స్కోరుతో పని లేదు, నేరుగా సేల్స్‌కి. సేల్స్ ఒక పనిదినంలో ఒప్పుకోవాలి లేదా కారణం ఎంచుకుని వెనక్కి పంపాలి.

కారణాలు ఐదుకి మించొద్దు, అందులో "నాణ్యత లేదు" అనే మాట ఉండకూడదు. అది పెడితే అందరూ అదే నొక్కుతారు, మీకు ఏమీ తెలియదు. "మెయిల్ చూడలేదన్నారు" అని ఒక కారణం తప్పకుండా పెట్టండి. అది పెరుగుతోందంటే ఏదో కొత్త స్కానర్ మీ ఫిల్టర్ దాటి వస్తోందని అర్థం, లాగ్ మళ్లీ తెరవాలి.

ఇవన్నీ చూశాక కూడా తేడా ఉంటే, ఒకే మనిషికి రెండు రికార్డులుండి పాయింట్లు చీలిపోయాయేమో, స్కోరు సేల్స్ వాళ్లు కస్టమర్ల వివరాలు చూసుకునే సీఆర్ఎంలోకి ఆలస్యంగా చేరుతోందేమో చూడండి. రెండూ అరుదు, దొరికితే పది నిమిషాల పని.