లోన్ లెడ్జర్, బ్యాంకు స్టేట్‌మెంట్ కలవడం లేదా? ముందు తేడా ఎంతో చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో నేను లెక్కలు చూసే లేత్ షాపు ఒకటుంది. 2024 సెప్టెంబరులో కొత్త లేత్ కొనడానికి ఓనరుగారు బ్యాంకులో 6 లక్షల లోన్ తీసుకున్నారు. ఏడాదికి 12 శాతం వడ్డీ, 24 వాయిదాలు, వాయిదా 28,244 రూపాయలు. సెప్టెంబరు 5న లోన్ ఇచ్చారు, అక్టోబరు 5 నుంచి వాయిదాలు మొదలయ్యాయి. మార్చి 31 నాటికి ఆరు కట్టేశారు.

ఏప్రిల్‌లో ఆయన బ్యాంకువాళ్లిచ్చిన కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "ఏంటి బాబూ ఇది? మన పుస్తకంలో బాకీ 4,23,456 ఉంది. వాళ్లు 4,63,155 అంటున్నారు. నలభై వేలు ఎక్కువ రాసుకున్నారా ఏంటి?"

"వాళ్లు ఎక్కువ రాసుకోలేదండీ, మనమే తక్కువ రాసుకున్నాం" అన్నాను. రోజువారీ ఎంట్రీలు షాపులో కుర్రాడు వేస్తాడు. ఆరు నెలలుగా లోన్ లెడ్జర్ తెరిచి చూడకపోవడం మాత్రం నా తప్పే.

తేడా సరిగ్గా 39,699. ఇలాంటప్పుడు వోచర్లన్నీ ముందేసుకుని వెతకడం దండగ. తేడా ఎంతో చూసి, అది ఏ అంకెతో సరిపోతుందో పట్టుకుంటే కారణం దానంతటదే బయటపడుతుంది. ఆ అంకెలు కావాలంటే ముందు షెడ్యూల్ చేతిలో ఉండాలి.

షెడ్యూల్ వేసుకోవడం

బ్యాంకునడిగితే అమార్టైజేషన్ షెడ్యూల్ ఇస్తారు. అయినా ఒకసారి మనమే వేసుకోవడం మంచిది, లెక్క చేతికి తెలుస్తుంది. ఏడాదికి 12 శాతమంటే మనవాళ్లు చెప్పుకునే రూపాయి వడ్డీయే, నెలకు నూటికి ఒకటి. మొదటి నెల బాకీ 6,00,000 కాబట్టి వడ్డీ 6,000. కట్టిన 28,244లో అది పోగా మిగిలిన 22,244 అసలుకు జమ. బాకీ 5,77,756కి దిగింది. రెండో నెల వడ్డీ ఆ 5,77,756 మీదే, అంటే 5,778. అసలుకు 22,466 పోయింది. వాయిదా మారదు, అందులో వడ్డీ వాటా నెలనెలా కరుగుతుంది, అసలు వాటా పెరుగుతుంది.

ఎక్సెల్‌లో A నిలువు వరసలో వాయిదా నంబరు, B లో మొదటి బాకీ, C లో వడ్డీ, D లో అసలు, E లో మిగిలిన బాకీ పెట్టుకోండి. B2 గడిలో 600000 వేయండి. మొదటి సూత్రం వాయిదా మొత్తాన్ని చూపిస్తుంది. మిగతావి రెండో అడ్డ వరసలో, చివరిది మూడో వరసలో వేసి కిందికి లాగాలి.

```
=PMT(12%/12,24,-600000)
C2: =ROUND(B2*12%/12,0)
D2: =28244-C2
E2: =B2-D2
B3: =E2
```

ఇలా వేస్తే ఆరో వాయిదా తర్వాత బాకీ 4,63,155 వస్తుంది, బ్యాంకు కాగితంలో ఉన్నదే. ఆరు నెలల్లో కట్టిన 1,69,464లో వడ్డీ 32,619, అసలు 1,36,845. పైసలు సర్దడం వల్ల ఆఖరి వాయిదాలో కొద్ది రూపాయలు అటూఇటూ అవుతాయి. దానికి కంగారు పడక్కర్లేదు, ఆఖరి వరసలో అసలు గడిలో మిగిలిన బాకీ మొత్తాన్ని పెట్టేయండి.

లక్షణం: పుస్తకంలో బాకీ తక్కువ, లాభం ఎక్కువ

కుర్రాడు నెలనెలా వాయిదా మొత్తాన్ని లోన్ ఖాతాకే డెబిట్ చేశాడు. అంటే 28,244 మొత్తం అసలు కిందే తీరినట్టు రాశాడు. ఇలా రాస్తే బాకీ తక్కువ కనపడుతుంది, లాభనష్టాల ఖాతాలో లోన్ వడ్డీ అనే పద్దే ఉండదు. దీన్ని గుర్తుపట్టడం తేలిక: తేడా, షెడ్యూల్‌లో ఇప్పటిదాకా కలిపిన వడ్డీతో సరిపోతుంది. ఇక్కడ 39,699లో 32,619 దీనిదే. లాభం కూడా అంతే మేర ఎక్కువ చూపిస్తుంది, దాని మీద పన్ను కూడా కట్టాల్సి వస్తుంది.

సంవత్సరం లెక్కలు ఇంకా మూయకపోతే ఒక్క జర్నల్ చాలు:

లోన్ వడ్డీ ఖాతా డెబిట్ 32,619
లోన్ ఖాతా క్రెడిట్ 32,619

ఆరు వోచర్లనూ వెనక్కి వెళ్లి దిద్దినా ఫలితం ఒకటే. నెలవారీ లాభం చూసుకునే అలవాటున్న షాపయితే అలా దిద్దడమే మేలు, లేకపోతే వడ్డీ భారమంతా మార్చి మీద పడినట్టు కనపడుతుంది. ముందటి ఏడాది లెక్కలు మూసి రిటర్ను కూడా వేసేసి ఉంటే మాత్రం ఆ వడ్డీని ఈ ఏడాది ఖర్చులో కలిపేయకండి. గత సంవత్సరపు వడ్డీ అని వేరే పద్దుగా చూపించి, పన్ను సంగతి ఆడిటరుతో మాట్లాడండి.

ఇక మీదట ప్రతి నెలా పేమెంట్ వోచర్‌లో రెండు డెబిట్లు ఉండాలి. ఉదాహరణకు మార్చి 5 వాయిదా:

లోన్ ఖాతా డెబిట్ 23,379
లోన్ వడ్డీ ఖాతా డెబిట్ 4,865
బ్యాంకు ఖాతా క్రెడిట్ 28,244

మా కుర్రాడికి షెడ్యూల్ ప్రింటు తీసి మానిటరు పక్కన అంటించాను. లెక్కలు కట్టుకోవాల్సిన పని లేకుండా ఆ నెల వరస చూసి వేసేస్తున్నాడు.

జర్నల్ వేశాక కూడా 7,080 మిగిలింది

39,699లో 32,619 పోతే 7,080 మిగిలింది. ఈ అంకె చూడగానే సంగతి అర్థమైంది. 6 లక్షల మీద ఒక శాతం 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080. ప్రాసెసింగ్ ఫీజును బ్యాంకువాళ్లు ముందే పట్టుకుని 5,92,920 మాత్రమే ఖాతాలో వేశారు. మనవాడు పడిన మొత్తాన్నే లోన్‌గా రాశాడు. బాకీ మాత్రం 6 లక్షల మీద నడుస్తోంది.

ఈ రకం తేడాకు గుర్తు ఏమిటంటే, అది మొదటి రోజునుంచీ ఉంటుంది, నెలలు గడిచినా పెరగదు, తగ్గదు. సెప్టెంబరు 30 నాటి బాకీని బ్యాంకు లెక్కతో పోల్చి చూస్తే అప్పటికే 7,080 కనపడుతుంది. సెప్టెంబరు 5 ఎంట్రీ ఇలా ఉండాల్సింది:

బ్యాంకు ఖాతా డెబిట్ 5,92,920
ప్రాసెసింగ్ ఫీజు డెబిట్ 6,000
ఇన్‌పుట్ సీజీఎస్టీ డెబిట్ 540
ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ డెబిట్ 540
లోన్ ఖాతా క్రెడిట్ 6,00,000

ఆ 1,080ని ఖర్చులో కలిపేయకండి. షాపుకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, బ్యాంకు ఇన్‌వాయిస్ జీఎస్టీఆర్-2బీలో కనపడితే క్రెడిట్ తీసుకోవచ్చు. బ్యాంకులో మన జీఎస్టీ నంబరు ఇవ్వకపోతే అక్కడ కనపడదు. మా ఓనరుగారు ఇవ్వలేదు. బ్రాంచికి వెళ్లి నంబరు ఎక్కించమని రాసిచ్చి రావాల్సి వచ్చింది. 2024-25 ఇన్‌వాయిస్‌కు క్రెడిట్ తీసుకోవడానికి గడువు 2025 నవంబరు 30తో ముగిసింది. వడ్డీ మీద మాత్రం జీఎస్టీ ఉండదు, అక్కడ వెతకకండి.

లక్షణం: బాకీ ఆరు లక్షల దగ్గరే ఆగిపోయింది

వాయిదా మొత్తాన్ని అసలు కింద రాసిన మొదటి తప్పుకు ఇది తిరగేసిన రూపం. వాయిదా మొత్తాన్ని వడ్డీ ఖర్చులో వేస్తారు. మా లోన్‌లో ఇలా జరిగి ఉంటే తేడా 1,36,845, అంటే ఆరు నెలల అసలు. లోన్ ఖాతా డెబిట్, వడ్డీ ఖాతా క్రెడిట్ 1,36,845 వేస్తే సరిపోతుంది. లాభం తక్కువ చూపించి పన్ను తగ్గించినట్టవుతుంది కాబట్టి నోటీసు రావచ్చు.

లక్షణం: వడ్డీ విడగొట్టాను, అయినా 13 వేలు తేడా

ఇది ఎక్కువమంది చేసే పని. 24 వాయిదాలకు మొత్తం 6,77,856 కడతాం, అందులో 6 లక్షలు అసలు, 77,856 వడ్డీ. దాన్ని 24తో భాగించి నెలకు 3,244 వడ్డీ, 25,000 అసలు అని సమానంగా పంచేస్తారు. ఆరు నెలలకు బాకీ 4,50,000 అని వస్తుంది. బ్యాంకు లెక్క 4,63,155. తేడా 13,155. లోన్ సగం దాటేదాకా ఈ తేడా పెరుగుతూ పోతుంది, తర్వాత తగ్గి ఆఖర్న సున్నా అవుతుంది. అందుకే చాలామంది దీన్ని పట్టుకోలేరు. ఆఖర్న కలిసిపోతుందిగా అని వదిలేస్తే మధ్యలో వచ్చే ప్రతి మార్చి లెక్కా తప్పే.

ఈ అలవాటు ఎక్కువగా బండి ఫైనాన్సుల ఫ్లాట్ వడ్డీ నుంచి వచ్చింది. ఫ్లాట్ ఆరున్నర శాతమని చెప్పి 6 లక్షలకు రెండేళ్ల వడ్డీ 78,000 కలిపి 24తో భాగిస్తే వాయిదా 28,250 వస్తుంది. మన 12 శాతం వాయిదాకు ఆరు రూపాయలే ఎక్కువ! వాళ్లు చెప్పిన ఆరున్నర, మన 12 ఒకటే అన్నమాట. ఫ్లాట్ లోన్‌కు కూడా అసలు రేటు కనుక్కుని తగ్గే బాకీ మీదే షెడ్యూల్ వేసుకోవాలి:

```
=RATE(24,-28250,600000)*12
```

ఫైనాన్సు కంపెనీల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆడిట్ పరిధిలో ఉన్న వ్యాపారం బ్యాంకుకు కట్టే వడ్డీ మీద టీడీఎస్ పట్టదు, ఫైనాన్సు కంపెనీకి కట్టే వడ్డీ పరిమితి దాటితే పట్టాలి. వాయిదాను విడగొట్టకపోతే ఆ వడ్డీ ఎంతో తెలిసే దారే ఉండదు.

లక్షణం: అంతా సరిగ్గానే ఉంది, మార్చి 31న ఆడిటరు ఒప్పుకోలేదు

మార్చి 5 నుంచి ఏప్రిల్ 5 దాకా వడ్డీ 4,632. ఆ 31 రోజుల్లో 26 రోజులు మార్చి 31 లోపే గడిచిపోయాయి. ఆ వాటా 3,885. కట్టేది ఏప్రిల్‌లోనే అయినా ఖర్చు ఈ ఏడాదిది. మార్చి 31న:

లోన్ వడ్డీ ఖాతా డెబిట్ 3,885
చెల్లించాల్సిన వడ్డీ ఖాతా క్రెడిట్ 3,885

దీన్ని లోన్ ఖాతాలో కలపకండి. కలిపితే 4,63,155తో మళ్లీ తేడా వస్తుంది. కొన్ని బ్యాంకులు నెలాఖరుకే వడ్డీని లోన్ ఖాతాలో డెబిట్ చేసేస్తాయి. అక్కడ స్టేట్‌మెంట్ బాకీలోనే అది కలిసి ఉంటుంది కాబట్టి పోల్చే ముందు చూసుకోవాలి.

ఓనరుగారు వెంటనే అడిగారు, "కట్టని డబ్బును ఖర్చు రాస్తే ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లు ఊరుకుంటారా?" అని. బ్యాంకు వడ్డీ నిజంగా కడితేనే పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లుతుంది, ఆ మాట నిజమే. కానీ రిటర్ను గడువులోపు కట్టేస్తే ఆ ఏడాదికే చెల్లుతుంది. మనం ఏప్రిల్ 5నే కట్టేశాం.

ఏప్రిల్ 1న ఆ ఎంట్రీని తిరగేసి వేయాలి. 5న మామూలుగా అసలు 23,612, వడ్డీ 4,632 వేస్తే, కొత్త ఏడాది ఖర్చులో వడ్డీ 747 మాత్రమే నిలుస్తుంది. తిరగేయడం మరిచిపోతే ఏప్రిల్ వడ్డీ 4,632గా కనపడి, చెల్లించాల్సిన వడ్డీ ఖాతాలో 3,885 వచ్చే మార్చిదాకా అలాగే కూర్చుంటుంది. ఏప్రిల్ 5 సాయంత్రం లోన్ లెడ్జర్‌లో 4,39,543, ఆ ఖాతాలో సున్నా ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఓనరుగారికి ప్రింటు ఇచ్చాను.