జీతంలో కోత పడిందా? పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా పనివాళ్లకు సమస్య - పరిష్కారం

నెలాఖరున చేతికొచ్చిన డబ్బు తక్కువైతే ముందు జీతం స్లిప్పు అడగండి. స్లిప్పులో ఒక్కో కోత పక్కన ఏం రాశారన్నదాన్ని బట్టే అది చెల్లుతుందో లేదో తేలుతుంది. "మొత్తం మీద ఇంత పట్టుకున్నాం" అని షావుకారు నోటిమాటగా చెప్పిన కోతకు చట్టంలో చోటు లేదు. స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత.

2025 నవంబరు 21 నుంచి 2019 వేతనాల కోడ్ అమల్లో ఉంది. అంతకుముందు 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల దాకా జీతం ఉన్నవారికే వర్తించేది. ఇప్పుడు ఆ హద్దు లేదు. గోడౌన్ కుర్రాడికీ మేనేజరుకూ ఒకటే నియమం: చట్టం పేరుపెట్టి ఒప్పుకున్న కోతలు మాత్రమే చెల్లుతాయి, అన్నీ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు.

ఒక స్లిప్పు తీసుకుని చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, తరహా మాత్రం ఈ బజార్లలో తరచూ కనిపించేదే. పర్లాకిమిడిలో ఒక హోల్‌సేల్ కిరాణా గోడౌన్‌లో స్టాకు చూసుకునే మనిషి జీతం 15,600. ఆ నెలలో ఆదివారాలు పోను పని రోజులు 26, రోజుకు 8 గంటలు. అంటే రోజుకు 600, గంటకు 75. పీఎఫ్, ఈఎస్ఐలను ఇక్కడ పక్కన పెడుతున్నాం. నిజం స్లిప్పులో అవి కూడా సగం లెక్కలోకి వస్తాయి.

నాగా 2 రోజులు: 3,600
లేట్లు 3: 600
ఫైన్: 500
డ్యామేజీ, నూనె డబ్బాలు 3: 5,400
మొత్తం కోత: 10,100. చేతికి: 5,500.

సగం అంటే 7,800. కోత దాన్ని 2,300 దాటింది కాబట్టి లోపలేముందో చూడకముందే ఈ స్లిప్పు తప్పు. కానీ అక్కడితో ఆగితే ఆ 2,300 మాత్రమే అడిగి ఊరుకుంటారు. అసలు రావలసింది చాలా ఎక్కువ.

లక్షణం: ఒక రోజు నాగాకు రెండు మూడు రోజుల జీతం పోయింది

కారణం: "చెప్పకుండా మానేస్తే మూడింతలు" అనే షాపు రూలు. చెప్పి మానినా చెప్పకుండా మానినా కోత దామాషాకు మించడానికి వీల్లేదు. పని చేయాల్సిన రోజుల్లో ఎన్ని రోజులు రాలేదో, జీతంలో అంత వంతు వరకే కోయవచ్చు. ఇక్కడ 26లో 2 రోజులు, అంటే 1,200. మిగతా 2,400 వెనక్కి రావాలి. భాగించేటప్పుడు 30తో కాదు, మీరు పని చేయాల్సిన రోజుల సంఖ్యతో భాగించాలి. 26 రోజుల నెలకు రోజు కోత 600 పడుతుంది. సెలవు రోజుకు కూడా జీతం ఇచ్చే ఒప్పందమున్న చోట యజమాని 30తో భాగించి 520 కోస్తే అది మీకే లాభం, దాని మీద గొడవ పడకండి.

చెప్పకుండా మానడం క్రమశిక్షణ తప్పు కావచ్చు. దానికి నోటీసు ఇవ్వవచ్చు, విచారణ పెట్టవచ్చు. దాన్ని అదనపు కోతగా మార్చకూడదు. మినహాయింపు ఒక్కటే ఉంది: పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా అదనంగా పట్టుకోవచ్చు. జ్వరమొచ్చి పడుకున్న ఒక్కడి మీద దాన్ని వాడలేరు.

లక్షణం: మూడు లేట్లు కలిపి ఒక రోజు కోశారు

ఇదీ దామాషా తప్పడమే. మూడుసార్లు 20 నిమిషాల చొప్పున ఆలస్యమైతే పనికి లేని సమయం ఒక గంట, కోత 75 దాకా. స్లిప్పులో 600 ఉంది, 525 ఎక్కువ. హాజరు పట్టీలో వచ్చిన సమయం రాయకుండా "లేట్" అని మాత్రమే రాస్తే ఆ గంట కూడా నిరూపించడం యజమానికి కష్టం. వేలిముద్ర యంత్రం ఉన్న చోట ఆ నెల పట్టీ కాపీ అడగండి.

లక్షణం: ఊరకే ఫైన్ వేశారు

ఫైన్ వేయాలంటే ఏ తప్పులకు వేస్తారో ఆ జాబితాకు ముందుగా ప్రభుత్వ ఆమోదం ఉండాలి, దాన్ని పని చేసే చోట అంటించాలి, మీ వివరణ అడగాలి, రిజిస్టరులో రాయాలి. ఇన్నీ ఉన్నా నెల జీతంలో 3 శాతం దాటకూడదు. ఇక్కడ 3 శాతం 468. కాబట్టి జాబితా ఉన్నా 500 చెల్లదు. చిన్న దుకాణాల్లో ఆ జాబితాయే ఉండదు కాబట్టి మొత్తం 500 తిరిగి రావాలి. ఫైన్‌ను వాయిదాల్లో పట్టుకోకూడదు, వేసిన రోజు నుంచి 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు.

లక్షణం: పగిలినవీ, కారినవీ, లెక్క తేలనివీ మీ ఖాతాలో రాశారు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. నష్టానికి కోత చెల్లాలంటే మూడు విషయాలు కలవాలి. సరుకును మీకే స్పష్టంగా అప్పగించి ఉండాలి, లేదా పోయిన డబ్బుకు మీరు లెక్క చెప్పాల్సినవారై ఉండాలి. నష్టం నేరుగా మీ నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో జరిగి ఉండాలి. కోసే ముందు మీ వివరణ అడిగి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా కోత చెల్లదు.

"అప్పగించారు" అన్నది ఎలా తెలుస్తుంది? స్టాకు బుక్కులో మీ సంతకం, చార్జి ఇచ్చిన జాబితా, తాళం ఎవరి దగ్గర ఉంది అన్నవి చూడాలి. తాళం ముగ్గురి దగ్గర తిరిగే గోడౌన్‌లో సరుకు తగ్గితే ఒక్కరి నెత్తిన వేయడం కుదరదు. ముగ్గురికీ సమానంగా పంచేయడమూ కుదరదు, ఎందుకంటే ఎవరి తప్పో తేలలేదు. హమాలీ మోసిన బస్తా చిరిగితే, మోయడానికి ఇచ్చినంత మాత్రాన భద్రపరచమని అప్పగించినట్టు కాదు.

మన స్లిప్పులో డబ్బా ఒక్కింటికి 1,800 చొప్పున, అంటే అమ్మకం ధరకు, మూడు డబ్బాలకు 5,400 వేశారు. లోపలికి వెళ్లి చూస్తే కథ వేరు. లారీ దిగిన రోజు రసీదులోనే "ఒకటి లీకు" అని డ్రైవరు సంతకంతో ఉంది. అంటే ఆ డబ్బా గోడౌన్‌లోకి వచ్చేటప్పటికే కారుతోంది, అది మన మనిషి తప్పు కాదు. మిగతా రెండూ నిచ్చెన తగిలి పడ్డాయి, అంటే నిర్లక్ష్యం అనుకునే అవకాశం ఉంది. కోత అసలు నష్టాన్ని మించకూడదు కాబట్టి కొన్న ధర 1,700తో లెక్క కట్టాలన్నది మా వాదన, అమ్ముకుని ఉంటే వచ్చే లాభాన్ని పనివాడి జీతం నుంచి రాబట్టడం సబబు కాదు. రెండింటికి 3,400. ఎత్తిన నూనెను 400కి అమ్మారు. మిగిలింది 3,000. బీమా ఉంటే దాని నుంచి వచ్చిందీ తీసేయాలి.

అయితే ఈ 3,000 కూడా ఈ నెల కోయడానికి లేదు, ఎందుకంటే వివరణ అడగలేదు. కాబట్టి 5,400 మొత్తం తిరిగి రావాలి. తర్వాత నోటీసు ఇచ్చి, జవాబు విని, రిజిస్టరులో రాసి కోస్తే అప్పుడు 3,000 దాకా వాదన నిలబడుతుంది.

మొత్తం లెక్క: న్యాయంగా పడాల్సింది 1,200, 75 కలిపి 1,275. కోసింది 10,100. తిరిగి రావాల్సింది 8,825.

లక్షణం: స్లిప్పులో కోత కనిపించదు, కానీ డబ్బు పోయింది

రెండు దారుల్లో జరుగుతుంది. మొదటిది, జీతమంతా బ్యాంకులో వేసి, "నష్టం డబ్బు తిరిగి ఇచ్చేయ్" అని మేనేజరు నంబరుకు వేయించుకోవడం. ఉద్యోగి యజమానికో అతని మనిషికో ఇచ్చిన డబ్బునూ కోడ్ కోతగానే లెక్కిస్తుంది. అందుకని నగదు చేతిలో పెట్టకండి, ఫోన్‌పే ద్వారానే పంపి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. రెండోది, నష్టాన్ని "అడ్వాన్సు" అని రాయడం. అడ్వాన్సు వసూలుకు వివరణ అడిగే నియమం లేదు కదా, అదే తెలివి. తీసుకోని అడ్వాన్సుకు సంతకం పెట్టకండి. తప్పదంటే సంతకం పక్కన "అభ్యంతరంతో" అని తేదీతో రాయండి. ఒడియా కాగితమైతే "ఆపత్తి సహ" అనాలి. అక్కడ ఆపత్తి అంటే అభ్యంతరమే, మన ఆపద కాదు.

"ఏ నష్టమైనా జీతంలో పట్టుకోవచ్చు" అని చేరేటప్పుడే రాయించుకున్న కాగితం ఉన్నా భయపడక్కర్లేదు. కోడ్ ఇచ్చే డబ్బును వదులుకునే ఒప్పందం చెల్లదు.

సరిచేసే వరుస

మొదట యజమానికి కాగితం పెట్టండి. ఇంత చాలు: "ఫలానా నెల జీతంలో నాగాకు 3,600, లేట్లకు 600, ఫైన్ 500, డ్యామేజీ 5,400 కోశారు. డ్యామేజీకి నన్ను వివరణ అడగలేదు. ఒక్కో కోతకు లెక్క, రిజిస్టరు కాపీ ఇవ్వండి. చట్టం ఒప్పుకోని మొత్తాన్ని 15 రోజుల్లో చెల్లించండి." రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ 15 రోజులు చట్టం పెట్టిన గడువు కాదు, మీరు పెట్టుకునేది.

జవాబు రాకపోతే వేతన దావాలు వినే అధికారికి అర్జీ పెట్టాలి. ఎవరన్నది జిల్లా లేబర్ ఆఫీసులో చెబుతారు. మీ తరఫున రిజిస్టర్డ్ యూనియన్ కూడా పెట్టవచ్చు. గడువు మూడేళ్లు. 2025 నవంబరు 21కి ముందు పడిన కోత పాత చట్టం కిందిది, దానికి ఏడాది గడువే, ఆలస్యం చేయకండి. అర్జీలో కోసిన మొత్తం వాపసుతో పాటు పరిహారం కూడా అడగండి, అది దావా మొత్తానికి పది రెట్ల దాకా ఇచ్చే అధికారం ఉంది. అనధికారిక కోత మీద దావా వేస్తే బకాయి చెల్లించానని చూపించాల్సిన భారం యజమానిదే. కాబట్టి రిజిస్టరు లేకపోవడం అతనికే నష్టం.

ఎక్కడ పెట్టాలన్నది ఇంటిని బట్టి కాదు, పని చోటును బట్టి. ఇల్లు పర్లాకిమిడిలో ఉండి, పాతపట్నం దుకాణంలో పని చేస్తే శ్రీకాకుళం జిల్లా కార్మిక శాఖకే వెళ్లాలి. ఇల్లు పాతపట్నంలో, పని పర్లాకిమిడిలో అయితే గజపతి జిల్లా లేబర్ ఆఫీసు. రైల్వే లేదా గని పనులైతే రెండూ కాదు, కేంద్ర కార్మిక శాఖ. గజపతి, రాయగడ ఆఫీసులకు అర్జీ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఇవ్వడం మేలు. ముందు తెలుగులో అంకెలతో సహా రాసుకుని, తర్జుమా చేసినవారు అంకెలు సరిగ్గా ఎక్కించారో లేదో మీరే సరిచూసుకుని సంతకం పెట్టండి.