మైగ్రేన్‌ను రేపుతున్నది ఏది? తలనొప్పి డైరీ రాసి తేల్చుకునే పద్ధతి

మా పిన్ని కూతురికి 27 ఏళ్లు. హైదరాబాదులో ఒక ఆఫీసు ఖాతాల విభాగంలో పని చేస్తుంది. ఎడమ కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పాకే తలనొప్పి ఆమెకు నెలకు నాలుగైదు సార్లు వస్తుంది. అది మైగ్రేన్ అని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. అప్పటినుంచి నొప్పి తెప్పిస్తాయనుకున్న వాటి చిట్టా ఒకటి ఆమె మనసులోనే పెంచుకుంటూ వచ్చింది. చాక్లెట్, పెరుగు, వంకాయ, ఏసీ గాలి, తలంటు స్నానం ఒక్కొక్కటిగా అందులో చేరాయి. తినేవి తగ్గాయి గానీ నొప్పి తగ్గలేదు. ఆ చిట్టాలో ఏది నిజమో తేల్చడానికి ఎనిమిది వారాలు డైరీ రాయమన్నాను. దాన్ని ఎలా రాసిందో, తర్వాత ఇద్దరం కూర్చుని ఎలా చదివామో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. డైరీ అన్నది డాక్టరు చూసి మైగ్రేన్ అని నిర్ధారించిన నొప్పికే. నిమిషంలోపే భరించలేనంత తీవ్రమైన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, ఒక పక్క చేయి కాలు బలం తగ్గడం, మాట తడబడటం, తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, వీటిలో ఏది కనిపించినా డైరీ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రాయడానికి ముందు తెలియవలసినది

మైగ్రేన్ చాలామందిలో నొప్పితో మొదలు కాదు. నొప్పికి కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే, మెదడులో దాని పని మొదలవుతుంది. ఆకలి, దాహం, నిద్ర వంటివాటిని నడిపే హైపోథాలమస్ అనే భాగానికి ఈ దశలో పాత్ర ఉంది. అందుకే ఆ సమయంలో కారణం లేకుండా ఆవలింతలు వస్తాయి, మెడ పట్టేస్తుంది, చిరాకు పుడుతుంది, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది, తీపి తినాలని మనసు లాగుతుంది. సాయంత్రం మనసు లాగి చాక్లెట్ తిన్న మనిషికి మర్నాడు తల పగిలిపోతే, నింద చాక్లెట్ మీద పడుతుంది. నిజానికి అప్పటికే మైగ్రేన్ మొదలైంది, తీపి మీద కోరిక దాని లక్షణం కావచ్చు. మెడ పట్టేయడం వల్లే తలనొప్పి వచ్చిందని, కంప్యూటర్ తెర వెలుగు వల్లే వచ్చిందని అనుకోవడంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంటుంది. కారణాన్నీ లక్షణాన్నీ విడదీయాలంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది గంటలతో సహా రాసి ఉండాలి. జ్ఞాపకం ఈ పనికి చాలదు.

రెండో సంగతి ఏమిటంటే, నొప్పిని రేపేవి విడివిడిగా కంటే కలిసి వచ్చినప్పుడు ఎక్కువగా పని చేస్తాయి. ఒక్క వానకు చెరువు అలుగు పోయదు. అప్పటికే నీరు నిండుగా ఉన్న చెరువైతే చిన్న జల్లు చాలు. నిద్ర చాలకపోవడం, భోజనం వేళ తప్పడం, నెలసరి ముందు హార్మోన్లు తగ్గడం, రోజూ తాగే కాఫీ ఆలస్యం కావడం, ఎండలో ప్రయాణం, పని ఒత్తిడి లేదా ఆ ఒత్తిడి ఒక్కసారిగా సడలడం, ఇవన్నీ నీటి మట్టాన్ని పెంచేవే. ఒకే భోజనం ఒక రోజు ఏమీ చేయకుండా మరో రోజు నొప్పి తెప్పించినట్లు కనిపించడానికి ఇదే కారణం.

మొదటి పని: నొప్పి లేని రోజు కూడా రాయడం

చాలా డైరీలు ఇక్కడే చెడిపోతాయి. నొప్పి వచ్చిన రోజు మాత్రమే పుస్తకం తీసి, నిన్న ఏం తిన్నానని వెతికితే ఏదో ఒకటి దొరకక మానదు. అదే తిండి తిని హాయిగా ఉన్న రోజులెన్నో తెలియకపోతే ఆ దొరికినదానికి విలువ లేదు. కాబట్టి ప్రతి రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు కేటాయించి, ఐదు విషయాలు మాత్రం రాయాలి: నిన్న రాత్రి పడుకున్న వేళ, లేచిన వేళ, టిఫిన్, భోజనం వేళలు, మొదటి కాఫీ లేదా టీ వేళ, మొత్తం ఎన్ని కప్పులు, నెలసరి ఎన్నో రోజు, ఆ రోజు ప్రత్యేకంగా జరిగినది ఏదైనా, అంటే ఉపవాసం, ఎండలో బండి ప్రయాణం, తలంటు, ఘాటైన అత్తరు వాసన వంటిది. ఇరవై గడులు గీసిన పుస్తకం పదో రోజుకు మూలన పడుతుంది. చిన్న నోట్‌బుక్ అయినా ఫోన్‌లో నోట్స్ అయినా ఒకటే.

రెండో పని: నొప్పి వచ్చినప్పుడు అదనంగా రాయవలసినవి

నొప్పి మొదలైన గంట, ఏ పక్క, తీవ్రత ఎంత అన్నవి రాయాలి. తీవ్రతకు 0 నుంచి 3 వరకు అంకెలు చాలు: 1 అంటే పని చేసుకోగలను, 2 అంటే పని దెబ్బతింది, 3 అంటే పడుకోవలసి వచ్చింది. వికారం ఉందా, వెలుతురు, శబ్దం భరించలేకపోయానా అన్నది, నొప్పికి ముందు ఆవలింతలు, మెడ నొప్పి వంటివి ఏ గంటకు మొదలయ్యాయన్నది కూడా చేర్చాలి. వేసుకున్న మాత్ర పేరు, వేసుకున్న వేళ, సరిగ్గా రెండు గంటల తర్వాత తీవ్రత ఎంత ఉందన్నది రాస్తే, ఆ మందు పని చేస్తోందో లేదో డాక్టరుకు తెలుస్తుంది.

ఆమె డైరీలో వరుసగా రెండు రోజులు ఇలా ఉన్నాయి:

మంగళవారం. నిద్ర 1:10 నుంచి 6:30. టిఫిన్ లేదు. భోజనం 3:20. మొదటి కాఫీ 8, మొత్తం 3. సాయంత్రం 6 నుంచి ఆవలింతలు, మెడ పట్టేసింది. 7 గంటలకు చాక్లెట్. నొప్పి లేదు.

బుధవారం. నిద్ర 12 నుంచి 6:30. టిఫిన్ 8:15. మొదటి కాఫీ 8. నొప్పి 9:40, ఎడమ కణత, తీవ్రత 2, వికారం. మాత్ర 11:15, మీటింగ్ అయ్యాక. 1:15కి తీవ్రత 2.

ఈ రెండు పూటల రాతలోనే చాలా ఉంది. ఆవలింతలు చాక్లెట్ కంటే గంట ముందు వచ్చాయి, వాటికి ముందు నిద్ర తక్కువైంది, భోజనం మూడు దాటింది. మాత్ర కూడా గంటన్నర ఆలస్యమైంది. నొప్పి ఇంకా తక్కువగా ఉండగానే వేసుకున్న మాత్ర బాగా పని చేస్తుందన్న సంగతి ఆమెకు తెలియనిది కాదు, మీటింగ్ మధ్యలో లేవడానికి మొహమాటపడింది.

మూడో పని: ఎనిమిది వారాలయ్యాక లెక్కపెట్టడం

అంతకు ముందే తీర్పు చెప్పడం తొందరపాటు. ఒక అనుమానాన్ని తీసుకుని, అది ఎన్ని రోజులు జరిగింది, వాటిలో ఎన్నిసార్లు 24 గంటల లోపు నొప్పి వచ్చింది, అది జరగని రోజుల్లో నొప్పి ఎన్నిసార్లు వచ్చింది అని లెక్కించాలి.

ఆమెకు 56 రోజుల్లో తొమ్మిదిసార్లు నొప్పి వచ్చింది. చాక్లెట్ తిన్నది ఆరు రోజులు, మర్నాటికి నొప్పి వచ్చినవి మూడు. ఆ మూడింటిలోనూ ఆవలింతలో, మెడ నొప్పో చాక్లెట్‌కు ముందే మొదలయ్యాయి. అవేవీ లేకుండా తిన్న మూడు రోజుల్లో ఏమీ కాలేదు. కాబట్టి చాక్లెట్ మీద పెట్టిన నింద నిలబడలేదు.

మధ్యాహ్నం భోజనం మూడు దాటిన రోజులు 11. వాటిలో ఐదింటి తర్వాత నొప్పి వచ్చింది. మిగిలిన 45 రోజుల్లో వచ్చినవి నాలుగే. ఇక్కడితో ఆగకుండా ఆ పదకొండు రోజులను విడదీసి చూశాం. ఆలస్యపు భోజనంతో పాటు ఆరు గంటల లోపు నిద్ర ఉన్న రోజులు నాలుగు, వాటిలో మూడుసార్లు నొప్పి వచ్చింది. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు ఉన్న వ్యవధిలో పడినవి రెండు, రెండుసార్లూ నొప్పి వచ్చింది. ఆలస్యపు భోజనం ఒక్కటే ఉన్న ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఇంత చిన్న అంకెలతో ఏదీ రుజువైందని అనకూడదు గానీ, ఏది ముందు సరిచేసి చూడాలో వీటితో తెలుస్తుంది.

మిగిలిన నాలుగింటిలో మూడు ఆదివారాలు వచ్చాయి. ఆమె మామూలుగా ఎనిమిదికి మొదటి కాఫీ తాగుతుంది. ఎనిమిది ఆదివారాల్లో ఆరు ఆదివారాలు పదింటికి లేచి పదిన్నరకు తాగింది, మూడు నొప్పులూ ఆ ఆరింటిలోనే వచ్చాయి. కాఫీ అలవాటైన శరీరానికి అది వేళకు అందకపోవడం వల్లా, నిద్ర అతిగా పోవడం వల్లా, వారమంతా ఉన్న ఒత్తిడి సడలడం వల్లా నొప్పి రావచ్చు. ఈ మూడూ ఒకే ఉదయం కలిసి ఉంటే డైరీ ఒక్కటే వాటిని విడదీయలేదు. తొమ్మిదో నొప్పికి కారణం ఏమీ కనిపించలేదు. బలవంతంగా ఏదో ఒకటి అంటగట్టకుండా దాన్ని అలాగే వదిలేశాం.

నాలుగో పని: ఒక్కొక్కటే మార్చడం

అన్నీ ఒకేసారి మార్చితే ఏది పని చేసిందో తెలియదు. మొదట ఆదివారం కూడా ఎనిమిదికి లేచి కాఫీ తాగి, కావాలంటే మళ్లీ పడుకోమన్నాను. నిద్ర మార్చకుండా కాఫీ వేళ ఒక్కటే సరిచేయడం ఇందులో ఉద్దేశం. తర్వాతి ఆరు ఆదివారాల్లో ఒక్కసారి నొప్పి వచ్చింది. ఆ తర్వాత భోజనం సంగతి తీసుకున్నాం. నెలాఖరు లెక్కల రోజుల్లో వేళకు తినడం ఆమె చేతిలో లేదు, కాబట్టి ఒంటిగంటకు బల్ల దగ్గరే తినడానికి ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన శనగలు బ్యాగులో పెట్టుకుంటోంది. నెలసరిని ఆపలేం గానీ, ఆ ఐదు రోజులను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని నిద్ర, భోజనం తప్పకుండా చూసుకోవచ్చు.

మాత్రల రోజులు వేరుగా లెక్కించాలి

నొప్పి తొమ్మిదిసార్లే అయినా ఆమె మాత్ర వేసుకున్నది 13 రోజులు. నొప్పి వస్తుందేమోనన్న భయంతో వేసుకున్నవి నాలుగు. డైరీ లేకపోతే ఈ సంగతి ఆమెకే తెలిసేది కాదు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి ఒకే మందున్న మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ నొప్పికే ఇచ్చే ట్రిప్టాన్లు అనే మందులు లేదా కెఫీన్ వంటివి కలిపిన నొప్పి మాత్రలు నెలకు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మందుల వల్లే తలనొప్పి పెరిగే ప్రమాదం ఉంది. ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని రోజులన్నది లెక్క. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రల్లో కెఫీన్ కలిపినవి ఉంటాయి కనుక అట్ట మీద రాసింది చదివి పేరు పూర్తిగా రాసుకోవాలి.

డాక్టరు దగ్గరికి డైరీ మొత్తం తీసుకువెళ్లినా, పైన ఒక కాగితం మీద నెలవారీగా మూడు అంకెలు రాసి పెట్టాలి: నొప్పి ఉన్న రోజులు, మాత్ర వేసుకున్న రోజులు, పని దెబ్బతిన్న రోజులు. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, వంకర వెలుగులు కనిపించే అలవాటుంటే, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు ఆ విషయం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు అలాంటివారికి పక్షవాతం ముప్పు పెంచుతాయి. నెలకు నాలుగు రోజులు, అంతకు మించి మైగ్రేన్ వస్తుంటే, నొప్పి వచ్చాక వేసుకునే మాత్ర కాకుండా రాకుండా రోజూ వాడే మందు అవసరమా అని అడగాలి. మా పిన్ని కూతురు ఆ ప్రశ్నను కాగితం అడుగున ఎర్ర సిరాతో రాసుకుని వెళ్లింది.