రోహిణి కార్తె ముందు సప్లిమెంట్లు వాడే సభ్యులకు: డబ్బాలన్నీ కలిపి లెక్క చూడండి

మన జిమ్ సభ్యులందరికీ,

బల్లార్‌పూర్‌లోనే వేరే జిమ్‌కు పోయే ఒక అబ్బాయి పోయిన వారం ఆసుపత్రిలో చేరిన సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. క్రియాటిన్ తిని కిడ్నీలు పోగొట్టుకున్నాడని ఊరంతా పాకింది. అప్పటినుంచి మన కౌంటర్ దగ్గర ఒకటే టెన్షన్. కొందరు డబ్బాలు పారేస్తామంటున్నారు. కొందరేమో "అన్నా, మరి నాకెన్ని స్కూపులు?" అని ట్రైనర్ల వెంట పడుతున్నారు. మే వచ్చిందంటే 45 డిగ్రీలు దాటే ప్రాంతం మనది. ఇక్కడివాళ్ళు నవతపా అనే ఆ తొమ్మిది రోజులు ఇంకా ముందున్నాయి. నీళ్ళు తాగమనీ, ఎండలో తిరగొద్దనీ మీ ఇంట్లో చెప్తారు. నేను చెప్పేది డబ్బాల సంగతి.

ఆ అబ్బాయి అన్న మన దగ్గరికే వస్తాడు. తమ్ముడు వాడేవన్నీ ఒక సంచిలో వేసుకొచ్చాడు. మూడు డబ్బాలు. కూర్చుని లేబుళ్ళు చదివాం. మొదటిది క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 5 గ్రాములు. అతని లెక్కలో ఉన్నది ఇదొక్కటే. రెండోది ప్రీ వర్కౌట్. ఒక స్కూపులో 3 గ్రాముల క్రియాటిన్, 200 మిల్లీగ్రాముల కెఫీన్ అని వెనకవైపు సన్న అక్షరాల్లో ఉంది. నిద్ర చాలడం లేదని రెండు స్కూపులు వేసుకునేవాడట. మూడోది మాస్ గెయినర్. అందులోనూ ఒక సర్వింగ్‌కు 3 గ్రాముల క్రియాటిన్ ఉంది, రోజుకు రెండుసార్లు తాగేవాడు. కలిపితే 17 గ్రాముల క్రియాటిన్, 400 మిల్లీగ్రాముల కెఫీన్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి కెఫీన్ హద్దుగా చెప్పేదే ఆ 400. గనిలో తాగిన చాయ్‌లు అందులో కలపలేదు. "నేను ఒక్క స్కూపే కదా వేసుకునేది" అని డాక్టరుకు చెప్పాడట. అబద్ధం చెప్పాలని కాదు, అతనికి నిజంగా తెలియదు.

నేను చూసినంతలో మనవాళ్ళను ముంచేది ఇదే: మూడు డబ్బాలు వాడి ఒక డబ్బా లెక్కే చూడటం.

మిగతా కథ వినండి. ఒక్కసారే ఎక్కువ క్రియాటిన్ పడితే చాలామందికి కడుపు కదులుతుంది, అతనికీ రెండు రోజులు విరేచనాలయ్యాయి. ఆ ఒంటితోనే ఓపెన్ కాస్ట్ గనిలో ఫస్ట్ షిఫ్ట్ చేశాడు. సాయంత్రం జిమ్‌కు పోయి లెగ్స్ వర్కౌట్ విపరీతంగా చేశాడు. తొడలు పట్టేస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకున్నాడు. మర్నాడు మూత్రం కోలా రంగులో వచ్చింది. కండరం చిట్లి, అందులోని పదార్థం రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడిందని డాక్టర్లు చెప్పారు. దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు కిడ్నీకి అసలే రక్తం తక్కువగా అందుతుంది, ఆ నొప్పి మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది. కాబట్టి నిందంతా క్రియాటిన్ మీద వేయడం న్యాయం కాదు. సప్లిమెంట్లలో బాగా పరీక్షించి చూసినవాటిలో అదొకటి. కిడ్నీలు బాగున్న మనిషికి రోజుకు 3 నుంచి 5 గ్రాములతో కిడ్నీ చెడిన దాఖలాలు లేవు.

ఆ 3 నుంచి 5 అనేది రహస్యమేమీ కాదు, డబ్బా మీదే ఉంటుంది. మరి మా ట్రైనర్లు ఆ మాట ఎందుకు చెప్పరు? ఎంత వేసుకోవాలి అనేదానికంటే ముందు, అసలు మీరు వేసుకోవచ్చా అనే ప్రశ్న ఉంది. దానికి జవాబు మీ రక్త పరీక్షలో ఉంటుంది, మా ట్రైనరు కంటికి కనపడదు. మీకు బీపీకి టెల్మిసార్టాన్ నడుస్తోందో, షుగరు ఉందో, ఇంట్లో ఇంకెన్ని డబ్బాలున్నాయో వాళ్ళకు తెలియదు. పైగా ట్రైనరు ఒక అంకె చెప్తే అది అక్కడ ఆగదు. "మా జిమ్‌లో చెప్పారు" అని ఇంటికి పోయి, షుగరున్న బావగారి గ్లాసులో కూడా పడుతుంది. వాళ్ళు నేర్చుకున్నది వ్యాయామం చేయించడం. అందుకే మీరు ఎంత బతిమాలినా చెప్పరు, వాళ్ళమీద అలగకండి. కిడ్నీ జబ్బు, ఒకే కిడ్నీ, బీపీ, షుగరు, రోజూ వాడే మందులు: వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడగకుండా డబ్బా మూత తీయొద్దు.

లోడింగ్ పేరుతో వారం పాటు రోజుకు 20 గ్రాములు వేసుకునే అలవాటు ఒకటుంది. కండరం ఆ వారంలో నిండుతుంది, నిజమే. రోజుకు 3 గ్రాములతోనూ నాలుగు వారాల్లో అంతే నిండుతుంది. (ఇది డోసు రాసివ్వడం కాదు, తొందర అక్కర్లేదని చెప్పడం.) ఈ ఎండల్లో, ఈ డ్యూటీలతో, మూడు వారాలు ముందు నిండి ఏం సాధిస్తారు?

ఇంకో మాట. క్రియాటిన్ వాడేవాళ్ళకు రక్త పరీక్ష రిపోర్టులో, కిడ్నీ పనితీరు చూడటానికి కొలిచే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించవచ్చు, ఎందుకంటే క్రియాటినే ఒంట్లో క్రియాటినిన్‌గా మారుతుంది. కిడ్నీ బాగున్నా అలా కనపడుతుంది. అలాగని పెరిగిన ప్రతి అంకెనూ "క్రియాటిన్ వల్లేలే" అని మీరే కొట్టిపారేయకండి. డాక్టరుకు డబ్బాలు చూపించండి. అవసరమైతే సిస్టాటిన్ సి అనే పరీక్ష రాస్తారు, దాని మీద క్రియాటిన్ ప్రభావం ఉండదు. డబ్బాల సంగతి దాస్తే లేని జబ్బుకు భయపడతారు, లేదా ఉన్న జబ్బును వదిలేస్తారు.

ఇక నుంచి ఇవి పాటించాలి:

- డబ్బాలన్నీ ఒకచోట పెట్టి లేబుళ్ళు చదవండి. క్రియాటిన్ ఒక వరస, కెఫీన్ ఒక వరస రాసి కూడండి. ఒక్క డబ్బా లెక్క లెక్కే కాదు.
- స్కూపు కొలత కాదు. ఒక కంపెనీది 3 గ్రాములు, ఇంకోదానిది 5, గెయినర్‌ది గరిటెడు. కుప్పగా తీస్తే ఇంకా ఎక్కువ. కౌంటర్ మీద చిన్న తూకం పెట్టాను, వాడుకోండి.
- ఏది ఎన్ని గ్రాములో చెప్పకుండా "ప్రొప్రైటరీ బ్లెండ్" అని మొత్తం మాత్రమే రాసిన డబ్బా కొనొద్దు. కూడటానికి అంకే లేదు.
- ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి. సీల్ తీసిన డబ్బా, విడిగా పొట్లం కట్టిచ్చిన పొడి వద్దు.
- ప్రీ వర్కౌట్ పొడి నోట్లో పోసుకుని నీళ్ళు తాగే రీలు వేషాలు నా జిమ్‌లో నడవవు.
- 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఏ డబ్బా వద్దు. నాన్న కొనిచ్చాడన్నా వద్దు.
- విరేచనాలో, జ్వరమో ఉంటే డబ్బాలు బంద్, వ్యాయామం బంద్.
- వర్కౌట్ నొప్పికి నొప్పి మాత్ర వేసుకోవద్దు. బీపీ మాత్ర వాడేవాళ్ళు అసలే వద్దు.
- ఎండలో షిఫ్ట్ చేసి వచ్చిన రోజు లెగ్స్ లేవు. ట్రైనరు ఆపితే ఆగాలి.
- దోస్తు డోసు మీ డోసు కాదు.
- ట్రైనరును పక్కకు పిలిచి అడగొద్దు. చెప్పిన ట్రైనరు ఉద్యోగం పోతుంది.
- మళ్ళీ చెప్తున్నా, అన్ని డబ్బాలూ కలిపి కూడండి.
- మూత్రం చాయ్ డికాషన్ రంగులోనో, కోలా రంగులోనో వచ్చినా, కండరం ఉబ్బి ముట్టుకోనీయకుండా నొప్పెట్టినా, మూత్రం బాగా తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి పొండి. కండరం చిట్లిందేమో చూసే సీపీకే పరీక్ష, కిడ్నీకి క్రియాటినిన్ పరీక్ష చేయమని అడగండి. వేసుకున్న మాత్రల పేర్లు చెప్పండి. డబ్బాలన్నీ సంచిలో వేసుకుని పొండి, ఒక్కటి కాదు.