ట్రేడ్ డిస్కౌంట్, సీడీ రెండూ ఉన్న బిల్లుకి సరుకు వాపసొస్తే క్రెడిట్ నోట్ ఎలా వేయాలి?

బిల్లు వేయడం అందరికీ వచ్చు. ఆ బిల్లులో ఐదు పీసులు వెనక్కి వచ్చినప్పుడే తేడాలు మొదలవుతాయి. క్రెడిట్ నోట్ ఒకరు లిస్టు ధరకి వేస్తారు, ఇంకొకరు క్యాష్ డిస్కౌంట్ కోసేసి వేస్తారు. మార్చి నెలాఖరుకి పార్టీ చెప్పే బ్యాలెన్సుకీ మన లెడ్జర్‌కీ పొంతన ఉండదు. ఒక్క బిల్లు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

విజయవాడలో ఒక ఎలక్ట్రికల్స్ హోల్‌సేలరు జులై 1న గుడివాడ షాపుకి 50 సీలింగ్ ఫ్యాన్లు అమ్మాడు. లిస్టు ధర ఫ్యానుకి 2,000 రూపాయలు, ట్రేడ్ డిస్కౌంట్ 20 శాతం. పది రోజుల్లో డబ్బు కడితే 2 శాతం సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్. జీఎస్‌టీ 18 శాతం. రెండు ఊళ్లూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి సీజీఎస్‌టీ 9, ఎస్‌జీఎస్‌టీ 9. అదే సరుకు ఖమ్మం వెళ్తే రాష్ట్రం దాటినట్టే, మొత్తం ఐజీఎస్‌టీ పడుతుంది. మిగతా లెక్క మారదు.

1. బిల్లు: ట్రేడ్ డిస్కౌంట్ ఇక్కడే పుట్టి ఇక్కడే పోవాలి

లిస్టు ధర మీద లక్ష, దాంట్లో 20 వేలు తగ్గిస్తే 80 వేలు. పన్ను 14,400. బిల్లు మొత్తం 94,400. లెడ్జర్లలో ఇలా పడుతుంది:

పార్టీ ఖాతా డెబిట్ 94,400
సేల్స్ ఖాతా క్రెడిట్ 80,000
సీజీఎస్‌టీ క్రెడిట్ 7,200
ఎస్‌జీఎస్‌టీ క్రెడిట్ 7,200

లక్ష, 20 వేలు అనే అంకెలు బిల్లు కాగితం మీద కనిపించాలి, పుస్తకాల్లో కనిపించకూడదు. ట్రేడ్ డిస్కౌంట్ అనేది ఖర్చు కాదు, ధర ఎంతో చెప్పే పద్ధతి మాత్రమే. ఆ షాపుకి ఫ్యాను ధర 1,600, అంతే. 'ట్రేడ్ డిస్కౌంట్' పేరుతో లెడ్జర్ తెరిచి సేల్స్ లక్ష, డిస్కౌంట్ 20 వేలు అని రాసేవాళ్లున్నారు. లాభం మారదన్నది వాళ్ల వాదన. లాభం మారకపోవచ్చు, కానీ పుస్తకాల్లో టర్నోవర్ లక్ష, అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో 80 వేలు అవుతాయి. ఆ 20 వేలకి ఏడాది చివర సంజాయిషీ రాసుకునే ఓపిక ఉంటే అలాగే చేసుకోండి. బిల్లు మీదే చూపించిన డిస్కౌంట్‌ని పన్ను విలువలోంచి తీసేయడానికి జీఎస్‌టీ చట్టం 15వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అందుకే దాన్ని బిల్లు మీద తప్పకుండా చూపించాలి.

సీడీని మాత్రం ఈ దశలో ఎక్కడా రాయకూడదు. పార్టీ పది రోజుల్లో కడతాడో లేదో ఇంకా తెలియదు. బిల్లు కింద షరతుగా ఒక వాక్యం అచ్చేస్తే చాలు. ఆ వాక్యంలోనే 'పన్నుకి ముందు విలువ మీద 2 శాతం' అని రాయాలి. పన్ను కలిపిన మొత్తం మీద సీడీ ఇవ్వడం అంటే ప్రభుత్వానికి కట్టే డబ్బు మీద కూడా మన జేబులోంచి డిస్కౌంట్ ఇవ్వడమే.

2. వాపసు: బిల్లు ధరకే, ఒక్క రూపాయి అటూ ఇటూ కాకుండా

జులై 6న ఐదు ఫ్యాన్లు వైండింగ్ పోయి తిరిగొచ్చాయి. పార్టీ ఇంకా డబ్బు కట్టలేదు. క్రెడిట్ నోట్ వేయడానికి ముందు పాత బిల్లు తీసి ఎదురుగా పెట్టుకోండి. ధరల లిస్టు చూసి వేయకండి. ఐదు ఫ్యాన్లు, ఒక్కోటి 1,600 చొప్పున 8,000. పన్ను 1,440. మొత్తం 9,440.

సేల్స్ రిటర్న్ ఖాతా డెబిట్ 8,000
సీజీఎస్‌టీ డెబిట్ 720
ఎస్‌జీఎస్‌టీ డెబిట్ 720
పార్టీ ఖాతా క్రెడిట్ 9,440

టాలీ ప్రైమ్‌లో ఇది `Alt+F6` వోచరు. బిల్లువారీ వివరాలు అడిగినప్పుడు `Agst Ref` ఎంచుకుని జులై 1 బిల్లుకే తగిలించాలి. కొత్త రిఫరెన్సు ఇస్తే పార్టీ మొత్తం బ్యాలెన్సు సరిగానే ఉంటుంది గానీ, బాకీల జాబితాలో ఆ బిల్లు మాత్రం నెలల తరబడి 94,400గానే వేలాడుతుంది. క్రెడిట్ నోట్ మీద దాని సొంత వరుస నంబరు, తేదీ, అసలు బిల్లు నంబరు, తేదీ ఉండాలి.

సేల్స్ రిటర్న్‌కి విడి లెడ్జర్ ఉండి తీరాలి. నేరుగా సేల్స్ ఖాతానే డెబిట్ చేస్తే నికర అంకె అదే వస్తుంది కానీ, ఏడాదిలో ఎంత సరుకు వెనక్కొచ్చిందో ఎవరూ చెప్పలేరు. తిరిగొచ్చిన ఫ్యాన్లు పాడైనవి కాబట్టి స్టాకులో కూడా వేరే గోడౌన్ పేరుతో పెట్టండి. వాటి విలువ 1,600 కాదు. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను వచ్చే ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది.

3. డబ్బు వచ్చిన రోజు: సీడీ

పార్టీ జులై 10న కట్టాడు. సీడీ ఇప్పుడు దేని మీద లెక్కించాలి? అతని దగ్గర మిగిలిన 45 ఫ్యాన్ల మీద. 72,000కి 2 శాతం, 1,440. వాపసులో పోయిన పన్ను కూడా 1,440యే అయింది, ఈ రెండూ కలగలిపి చూడకండి. పార్టీ బాకీ 94,400లోంచి 9,440 పోతే 84,960. అందులో సీడీ పోను బ్యాంకులో 83,520 పడాలి.

బ్యాంకు డెబిట్ 83,520
డిస్కౌంట్ అలౌడ్ ఖాతా డెబిట్ 1,440
పార్టీ ఖాతా క్రెడిట్ 84,960

ఈ సీడీ మనకి ఖర్చు, లాభనష్టాల ఖాతాలోకి పోతుంది. ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు పాటించే పెద్ద కంపెనీలైతే దీన్ని కూడా అమ్మకాల్లోంచే తగ్గిస్తాయి. మామూలు షాపుకి ఆ గొడవ అక్కర్లేదు. జీఎస్‌టీని ఇక్కడ ముట్టుకోకండి. చట్టం చెప్పిన షరతులు తీరి, కొన్నవాడు తన ఇన్‌పుట్ క్రెడిట్ తగ్గించుకుంటే సీడీ మీద కూడా పన్ను తగ్గించుకునే దారి చట్టంలో ఉంది. 1,440 రూపాయల సీడీ మీద 259 రూపాయల పన్ను కోసం ప్రతి పార్టీ చేతా క్రెడిట్ తగ్గింపించడం దండగ పని. పన్ను జోలికి పోకుండా సీడీ ఇస్తే కొన్నవాడు ఇన్‌పుట్ తగ్గించక్కర్లేదు, మనం అవుట్‌పుట్ తగ్గించక్కర్లేదు.

4. అసలు చిక్కు: సీడీ తీసుకున్నాక సరుకు తిరిగొస్తే

పై లెక్కలో వాపసు ముందు వచ్చింది, డబ్బు తర్వాత వచ్చింది. వ్యవహారంలో ఎక్కువగా జరిగేది తారుమారు. పార్టీ జులై 10న మొత్తం 50 ఫ్యాన్లకీ కట్టేశాడనుకోండి. సీడీ 80,000 మీద 1,600 తీసుకుని 92,800 పంపాడు. ఖాతా సున్నా అయింది. జులై 25న ఐదు ఫ్యాన్లు తిరిగొచ్చాయి.

ఇప్పుడు మామూలుగా 9,440కి క్రెడిట్ నోట్ వేసి ఊరుకుంటే, పార్టీకి లాభం ఇచ్చినట్టు. ఆ ఐదింటికీ అతను కట్టింది 9,440 కాదు. 8,000 మీద 160 సీడీ పోను, పన్ను 1,440 కలిపి 9,280 కట్టాడు. మనం 160 ఎక్కువ తిరిగిస్తున్నాం. ఇది కనిపెట్టిన అకౌంటెంట్ చాలాసార్లు ఇంకా పెద్ద తప్పు చేస్తాడు: క్రెడిట్ నోట్‌నే 9,280కి వేస్తాడు. సాఫ్ట్‌వేర్ ఆ మొత్తంలోంచి పన్ను వెనక్కి లెక్కకట్టి విలువ 7,864.41, పన్ను 1,415.59 అని చూపిస్తుంది. ఆ ఐదు ఫ్యాన్ల మీద మనం కట్టిన పన్ను 1,440. అంటే 24 రూపాయల 41 పైసల పన్ను మనమే వదులుకున్నాం. పైగా బిల్లులో లేని ఒక కొత్త ధర క్రెడిట్ నోట్‌లో పుట్టింది.

బిల్లులోంచి పుట్టింది బిల్లు ధరకే తిరగాలి, సీడీలోంచి పుట్టింది సీడీ ఖాతాలోనే తిరగాలి. అందుకని రెండు ఎంట్రీలు వేయండి. మొదటిది పై దశలో చూపిన క్రెడిట్ నోటే, 9,440కి, ఏ మార్పూ లేకుండా. రెండోది `F7` జర్నల్:

పార్టీ ఖాతా డెబిట్ 160
డిస్కౌంట్ అలౌడ్ ఖాతా క్రెడిట్ 160

పార్టీ ఖాతాలో 9,280 క్రెడిట్ నిలుస్తుంది. అతను కట్టింది కూడా అంతే. డిస్కౌంట్ ఖాతాలో 1,440 మిగిలింది, మూడో దశలో వచ్చిన అంకె అదే. ఏది ముందు జరిగినా ఆఖరుకి లెడ్జర్లు ఒకే చోటికి చేరాయంటే ఎంట్రీ సరైనదే. జర్నల్ నరేషన్‌లో క్రెడిట్ నోట్ నంబరు రాయండి, లేకపోతే 160 ఏమిటని పార్టీ అడిగిన రోజు చెప్పడానికి ఏమీ ఉండదు.

అవతలి షాపులో ఇదే అద్దంలో చూసినట్టు ఉంటుంది. పర్చేజ్ రిటర్న్ క్రెడిట్ 8,000, ఇన్‌పుట్ పన్ను క్రెడిట్ 1,440, మన ఖాతా డెబిట్ 9,440. అతను డెబిట్ నోట్ పంపించాడు కదా అని మనం క్రెడిట్ నోట్ మానేయకూడదు. అతని డెబిట్ నోట్ అడగడం మాత్రమే, జీఎస్‌టీలో మన పన్ను తగ్గించేది మన క్రెడిట్ నోటే. అది జీఎస్‌టీఆర్-1లో 9బీ పట్టికలోకి వెళ్లాలి. పోర్టల్‌లో బిల్లుల్ని, నోట్లని ఒప్పుకునే లేదా తిరస్కరించే చోటైన ఐఎంఎస్‌లో అతను దాన్ని తిరస్కరిస్తే, తగ్గించుకున్న పన్ను మళ్లీ మన మీదికే వస్తుంది. కాబట్టి అంకె మీద ముందే ఫోన్లో మాట్లాడుకోండి. గడువు కూడా ఉంది: 2025–26 బిల్లుకి సంబంధించిన క్రెడిట్ నోట్‌ని 2026 నవంబరు 30 లోపు, అంతకంటే ముందే వార్షిక రిటర్న్ వేస్తే ఆ రోజు లోపు చూపించాలి. దాటితే పార్టీకి డబ్బు తగ్గించవచ్చు, పన్ను తగ్గదు.

5. తప్పు పడిందో లేదో చూడటం

అందరూ చేసే తనిఖీ ఒకటుంది. నికర అమ్మకాలు 72,000, దానికి 9 శాతం 6,480. సీజీఎస్‌టీ లెడ్జర్‌లో 7,200లోంచి 720 పోతే 6,480. కలిసింది. కానీ ఈ తనిఖీని నమ్ముకోకండి. క్రెడిట్ నోట్‌ని లిస్టు ధరకి, అంటే 10,000కి వేశారనుకోండి. నికర అమ్మకాలు 70,000, వాటికి 9 శాతం 6,300. లెడ్జర్‌లో 7,200లోంచి 900 పోతే అదీ 6,300. అక్షరాలా కలుస్తుంది. పార్టీకి మాత్రం 2,360 ఎక్కువ ఇచ్చేశారు, అందులో 360 కట్టిన దానికంటే ఎక్కువగా తగ్గించుకున్న పన్ను.

అది పట్టుబడేది పీసుల లెక్కలోనే. నికర అమ్మకాలని నికర ఫ్యాన్లతో భాగించండి. 72,000ని 45తో భాగిస్తే 1,600, బిల్లు ధర. 70,000ని భాగిస్తే 1,555.56 వస్తుంది. ఆ పార్టీకి ఆ ధరకి ఫ్యాను ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి, క్రెడిట్ నోట్ తెరిచి రేటు గడి చూడండి.