అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న విద్యార్థితో ఎలా మాట్లాడాలి? – 2వ పాఠం: మొదటి చీటీ

కబురు తెలిసిన రోజు ఏం చేయాలో మొదటి పాఠంలో చూశాం. ఈసారి నేర్చుకునేది ఐదారు వాక్యాల చీటీ రాయడం. కాగితం మీద రాసినా ఫోన్‌లో మెసేజ్ పెట్టినా పద్ధతి ఒకటే. ముందు స్నేహితులు రాసేది చూసి, తర్వాత టీచర్ల దగ్గరికి వద్దాం.

పదో తరగతి అబ్బాయి ఒకడున్నాడనుకోండి. వాళ్ల నాన్న గుండెపోటుతో హఠాత్తుగా చనిపోయారు. అబ్బాయి సోమవారం మళ్లీ బడికి వస్తున్నాడు. పక్కన కూర్చునే స్నేహితుడు రాసిన మొదటి చిత్తు ఇది:

"జరిగింది విని షాకయ్యాను. నీ బాధ నాకు అర్థమవుతుంది. ధైర్యంగా ఉండు, ఇక మీ అమ్మకి నువ్వే దిక్కు. అంకుల్ పైనుంచి నిన్ను చూస్తూనే ఉంటారు. ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు."

రాసిన పిల్లాడి మనసు మంచిదే. కానీ చదివే పిల్లాడి వైపు నుంచి చూడండి. "నీ బాధ నాకు అర్థమవుతుంది" అన్నది నిజం కాదని అతనికి వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే రాసినవాడి నాన్న సాయంత్రం ఇంటికొస్తారు. "పైనుంచి చూస్తుంటారు" అన్న మాట కొందరికి ఊరట, కొందరికి కోపం. అతని నమ్మకం ఏమిటో కచ్చితంగా తెలిస్తే తప్ప రాయకండి. "ఏం కావాలన్నా అడుగు" అనడం సాయంలా వినిపిస్తుంది గాని, ఏం అడగాలో ఆలోచించే పని కూడా అతని నెత్తినే పడుతుంది. ఈ వయసు పిల్లలు సాధారణంగా అడగరు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది "మీ అమ్మకి నువ్వే దిక్కు". పదిహేనేళ్ల పిల్లాడు దాన్ని మాట వరసకన్నట్టు తీసుకోడు, అక్షరాలా తీసుకుంటాడు. అమ్మ ముందు ఏడవడం మానేస్తాడు. ఆటలకు వెళ్లాలన్నా తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ఇదే మాటను పెద్దవాళ్లు అప్పటికే పదిమంది అని ఉంటారు. తోటి పిల్లలైనా అనకపోతే ఆ మేరకు అతనికి ఊపిరాడుతుంది.

ఇప్పుడు తిరగరాద్దాం. చనిపోయిన మనిషి ప్రస్తావన సూటిగా రావాలి. మీరు నిజంగా చూసిన చిన్న జ్ఞాపకం ఒకటి ఉండాలి. మీరే చేసిపెట్టే పని ఒకటి, అదేమిటో స్పష్టంగా ఉండాలి. జవాబివ్వాల్సిన బాధ్యత అతనికి ఉండకూడదు.

"రేయ్, అంకుల్ చనిపోయారని శనివారం తెలిసింది. చాలా బాధగా ఉంది. మనం లెక్కలు చేసుకుంటుంటే ఆయన వెనక నిలబడి, జవాబు చెప్పకుండా 'ఇంకో దారుంది, వెతకండి' అనేవారు కదా, అదే గుర్తొస్తోంది. లెక్కలు, సైన్స్ నోట్సు నీకు కూడా రాసి పెడుతున్నా. సోమవారం గేటు దగ్గర ఉంటా, కలిసి లోపలికి వెళ్దాం. దీనికి రిప్లై ఇవ్వక్కర్లేదు."

ఇందులో జ్ఞాపకం రాసిన వాక్యాన్ని కాస్త గమనించండి. "ఆయన చాలా గొప్ప తండ్రి" అని రాయలేదు. చివరి రోజుల్లో తండ్రీకొడుకులకు గొడవైందేమో, వారం రోజులు మాటల్లేవేమో మనకు తెలియదు. అలాంటి పిల్లాడికి పొగడ్త గుచ్చుకుంటుంది, మనసులో మాట చెప్పుకునే దారి కూడా మూసుకుపోతుంది. వెనక నిలబడి లెక్క చూసిన మనిషి గురించి రాస్తే అతను ఏమనుకోవడానికైనా చోటుంటుంది. ఆయన్ని మీరెప్పుడూ చూడకపోతే, స్నేహితుడు చెప్పగా విన్నది రాయండి: "సైకిల్ గొలుసు ఎక్కించడం మీ నాన్నే నేర్పారని ఒకసారి చెప్పావు." అదీ లేకపోతే ఆ వాక్యం వదిలేయండి, కల్పించి మాత్రం రాయకండి. ఎలా చనిపోయారని అసలు అడగొద్దు. ఆత్మహత్య అయినా, ప్రమాదమైనా, జబ్బయినా, చెప్పాలనిపించినప్పుడు అతనే చెబుతాడు.

చీటీకి జవాబు రాకపోవచ్చు. సోమవారం ఇంటర్వెల్‌లో అతను పగలబడి నవ్వొచ్చు, తర్వాతి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేయొచ్చు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఇదే చెప్పారు: దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవారి వైపు, కాసేపు రోజువారీ బతుకు వైపు ఊగుతూ ఉంటాడు, రెండూ అవసరమే. కాబట్టి "అప్పుడే మామూలైపోయావే" అనకండి. నవ్వుతుంటే మీరూ నవ్వండి.

క్లాసంతా కలిసి ఇచ్చే కార్డు విషయంలో ఒక జాగ్రత్త. ఒకే అట్ట మీద నలభై మంది వరసగా రాస్తే మొదటివాడి వాక్యాన్నే అందరూ దించేస్తారు. విడివిడి కాగితాలిచ్చి, పై చిత్తులాంటిది ఒకటి ముందుగా బోర్డు మీద దిద్ది చూపించి, పది నిమిషాలు రాయించండి. టీచర్ అన్నీ చదివి, గుచ్చుకునేవి పక్కన పెట్టాలి. మిగతావి కవరులో పెట్టి ఇంటికి పంపాలి. క్లాసులో అందరి ముందూ చేతికిస్తే నలభై జతల కళ్లు అతని మొహం మీదే ఉంటాయి, ఈ వయసులో అదే పెద్ద శిక్ష.

ఇక టీచర్లు. అతను వచ్చే ముందు రోజు ఒక్క టీచరే, వీలైతే అతనికి చనువున్నవారు, విడిగా మాట్లాడాలి. "మీ నాన్నగారు చనిపోయినందుకు చాలా బాధగా ఉంది. క్లాసుకి ఏం చెప్పమంటావు, ఎవరు చెప్పాలి? ఏం చెప్పొద్దంటావు?" అని అడిగి, అతను చెప్పినంతే క్లాసులో చెప్పాలి. తర్వాత బయటికి వెళ్లే ఏర్పాటు: పెన్ను బల్ల మూలన నిలువుగా పెడితే అనుమతి అడగకుండా లేచి లైబ్రరీకి వెళ్లొచ్చు, పది నిమిషాల్లో రాకపోతే ఫలానా టీచర్ వచ్చి చూస్తారు. ఈ సంగతి మిగతా టీచర్లందరికీ అదే రోజు తెలియాలి. లేకపోతే మూడో పీరియడ్‌లో ఎవరో ఒకరు "ఎక్కడికిరా?" అని గద్దిస్తారు, ఏర్పాటు అక్కడితో ఆగిపోతుంది.

హోంవర్కు గురించి "నీ వీలు చూసుకుని రాయి" అనడం దయగా కనిపిస్తుంది. కానీ బాకీ పేరుకుపోయి నెల తర్వాత అతనికి కొండలా కనిపిస్తుంది. "ఐదు రికార్డుల్లో మూడు రాయక్కర్లేదు. మిగతా రెండూ వచ్చే నెల 10లోపు ఇవ్వు" అని లెక్కగా చెప్పండి. ప్రోగ్రెస్ కార్డు ఇచ్చేటప్పుడు అలవాటుగా "నాన్న సంతకం పెట్టించుకు రా" అని నోరు జారడం మామూలే. అప్పుడు గతుక్కుమని పది నిమిషాలు క్షమాపణ చెబితే, అతనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. "పొరపాటున అనేశాను, సారీ. అమ్మ సంతకం చాలు" అని అక్కడే ఆపండి.

ఒక్క విషయంలో మాత్రం చీటీలూ మాటలూ చాలవు. "నేనూ పోతే బాగుండు" అని అతను అన్నా, రాసినా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. అతన్ని ఒంటరిగా వదలకుండా, వెంటనే ఇంట్లోవాళ్లకో, టీచర్‌కో, కౌన్సెలర్‌కో చెప్పండి.

అభ్యాసం: ఈ చిత్తును దిద్దండి. "ఆంటీ మనల్ని వదిలి వెళ్లిపోయారు. కాలమే గాయాన్ని మానుస్తుంది. నువ్వు స్ట్రాంగ్, తట్టుకుంటావు. నీకోసం ఎప్పుడూ ఉంటా." మొదటి వాక్యంలో సూటిగా ఏం రాయాలి? మూడో వాక్యం చదివితే, ఏడవాలనిపించిన పిల్లకి ఏమనిపిస్తుంది? "ఎప్పుడూ" అన్న చోట ఏ రోజు, ఏ పని రాస్తారు? మీరు దిద్దింది ఒక రాత్రి ఆగి మళ్లీ చదవండి. 3వ పాఠంలో దాన్ని వాక్యం వాక్యంగా చూసి, ఆరు నెలల తర్వాత, అందరూ మరిచిపోయిన సమయంలో రాయాల్సిన రెండో చీటీకి వెళ్దాం.