ఆఫీసు మారుతోందని క్లయింట్లకు, వెండర్లకు ఎలా తెలియజేయాలి?

ఆఫీసు మారుతున్నామని రాసేటప్పుడు చాలామంది కొత్త చిరునామా, తేదీ వేసి పంపేస్తారు. చదివేవాళ్లకు అది చాలదు. ఆ రెండు మూడు రోజులు తన పని ఆగుతుందా అని క్లయింట్ చూస్తాడు. సరుకు ఎప్పటి నుంచి ఎక్కడికి పంపాలి, బిల్లు మీద ఏ చిరునామా వేయాలి అని వెండర్ చూస్తాడు. అందుకే ఒకే ఉత్తరాన్ని అందరికీ పంపకుండా రెండు వేర్వేరుగా రాసుకోవడం మంచిది.

ఉదాహరణకు ప్రింటర్లు రిపేరు చేసే చిన్న సంస్థను తీసుకుందాం. జూన్ 12 శుక్రవారం సాయంత్రం పాత ఆఫీసు మూసి, జూన్ 15 సోమవారం ఉదయం కొత్త చోట తెరుస్తున్నారు.

1. ముందు తేదీలు తేల్చుకోండి

"జూన్ 15న మారుతున్నాం" అంటే సరిపోతుందనిపిస్తుంది కానీ, ఇందులో మూడు తేదీలున్నాయి. పాత చోట మనుషులు దొరికే చివరి రోజు ఒకటి, కొత్త చోట తలుపులు తెరిచే రోజు ఇంకొకటి. మూడోది పాత చోట సరుకు తీసుకునే చివరి రోజు, దీన్నే ఎక్కువమంది మర్చిపోతారు. ఇది మొదటి తేదీ కంటే ముందే రావాలి. సామాన్లు ప్యాక్ చేస్తున్న రోజు స్పేర్ పార్ట్స్ పెట్టెలు దిగితే వాటిని లెక్క చూసుకుని సంతకం పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. మన సంస్థ ఈ తేదీని జూన్ 10 బుధవారంగా పెట్టుకుంది.

కొత్త చోట ఇంటర్నెట్, ఫోన్ లైన్లు పనిచేస్తున్నాయని చూసుకునే దాకా తేదీలు బయటికి చెప్పకండి. ఒకసారి ప్రకటించిన తేదీని వెనక్కి జరిపితే, రెండో ఉత్తరం చూడనివాళ్లు మొదటి తేదీనే పట్టుకుని వస్తారు.

2. కాంట్రాక్టులు ఒకసారి తీసి చూడండి

చాలా ఒప్పందాల చివర్లో నోటీసుల గురించి ఒక క్లాజు ఉంటుంది. చిరునామా మారితే రాతపూర్వకంగా, ఫలానా పద్ధతిలో తెలియజేయాలని అందులో రాసి ఉంటుంది. రిజిస్టర్డ్ పోస్టులో లేదా కొరియర్‌లో పంపాలని ఉంటే, ఈమెయిల్ ఎంత బాగా రాసినా లెక్కలోకి రాకపోవచ్చు. అప్పుడు లీగల్ నోటీసు పాత చిరునామాకే వెళ్తుంది, అది మనకు అందినట్టే అవతలివాళ్లు వాదించవచ్చు. అలాంటి క్లాజు ఉన్నవాళ్ల జాబితా వేరుగా రాసుకుని, వాళ్లకు ఈమెయిల్‌తో పాటు లెటర్‌హెడ్ మీద సంతకం చేసిన ఉత్తరం కూడా పంపండి.

3. క్లయింట్‌కు రాసేది

నెల రోజుల ముందు పంపితే చాలు. సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం తెలిసిపోవాలి: "జూన్ 15 నుంచి మా కొత్త చిరునామా, జూన్ 13, 14 తేదీల్లో సేవలు". లోపల ఇలా ఉండొచ్చు:

> నమస్కారం. జూన్ 15 సోమవారం ఉదయం 9:30 నుంచి మా ఆఫీసు కింది చిరునామాలో పనిచేస్తుంది. (పూర్తి చిరునామా, అంతస్తు, ఏ గేటు నుంచి రావాలో)
>
> జూన్ 12 శుక్రవారం మధ్యాహ్నం 2 వరకు పాత ఆఫీసులో ప్రింటర్లు తీసుకుంటాం. రిపేరు పూర్తయిన మీ ప్రింటర్‌ను ఆలోగా తీసుకెళ్లవచ్చు, లేదా జూన్ 15 నుంచి కొత్త ఆఫీసులో ఇస్తాం.
>
> జూన్ 13, 14 తేదీల్లో వర్క్‌షాప్ ఉండదు. అత్యవసరమైతే మామూలు సపోర్ట్ నంబరుకే ఫోన్ చేయండి, టెక్నీషియన్ మీ దగ్గరికి వస్తారు. మా ఫోన్ నంబర్లు, ఈమెయిల్, బ్యాంకు ఖాతా ఏవీ మారడం లేదు.

"సేవలకు ఎలాంటి అంతరాయం ఉండదు" అని రాయాలని మనసు లాగుతుంది. రాయకండి. శనివారం ఫోన్ చేసిన క్లయింట్‌కు ఎవరూ దొరక్కపోతే ఆ ఒక్క వాక్యమే పట్టుకుంటాడు. ఏది ఎన్ని గంటలు ఆగుతుందో, ఆ టైమ్‌లో ఎవరిని పిలవాలో చెప్తేనే నమ్మకం. ఆ వారంలోనే డెడ్‌లైన్ ఉన్న క్లయింట్లకైతే ఉత్తరం కంటే ముందు ఫోన్ చేసి మాట్లాడటం నయం.

బ్యాంకు ఖాతా మారడం లేదన్న మాట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. ఒక సంస్థ ఆఫీసు మారుతోందని తెలియగానే, వాళ్ల పేరుతో "చిరునామాతో పాటు ఖాతా కూడా మారింది, ఇకపై డబ్బు ఇక్కడ వేయండి" అని దొంగ మెయిల్ పంపే మోసగాళ్లుంటారు. నిజంగానే ఖాతా మార్చాల్సి ఉంటే ఇదే సమయంలో పెట్టుకోకండి. కొన్ని వారాలు ఆగి, విడిగా చెప్పండి.

4. వెండర్‌కు రాసేది

వెండర్లకు క్లయింట్ల కంటే ముందు, అయిదారు వారాల ముందే చెప్పాలి. పెద్ద కంపెనీల్లో మన చిరునామా వాళ్ల సిస్టమ్‌లో మారాలంటే ఫారాలు, ఆమోదాలు ఉంటాయి. ఉత్తరం వాళ్ల సేల్స్ మనిషికి ఒక్కడికే పంపితే అది అక్కడే ఉండిపోతుంది. అకౌంట్స్‌కు, డిస్పాచ్‌కు కూడా కాపీ పెట్టండి.

ఇక్కడ గొడవంతా అప్పటికే ఇచ్చిన ఆర్డర్లతోనే. మన సంస్థ జూన్ 3న టోనర్లు ఆర్డర్ చేసిందనుకుందాం. పర్చేజ్ ఆర్డర్ మీద ఉన్నది పాత చిరునామా. సరుకు చేరడానికి పది రోజులు పడుతుంది, అంటే జూన్ 13న తాళం వేసిన ఆఫీసు ముందు దిగుతుంది. "జూన్ 15 నుంచి ఇచ్చే ఆర్డర్లకు కొత్త చిరునామా" అని రాస్తే ఈ పెట్టెకు దారి ఉండదు. అందుకే ఆర్డర్ తేదీని కాకుండా సరుకు చేరే తేదీని గీతగా పెట్టుకోవాలి:

> జూన్ 10 వరకు చేరే సరుకు పాత చిరునామాకే పంపండి. జూన్ 11 నుంచి 14 వరకు ఎక్కడా సరుకు తీసుకోలేం. జూన్ 15న గానీ ఆ తర్వాత గానీ చేరేదంతా, ఆర్డర్ ఎప్పుడు ఇచ్చినా, కొత్త చిరునామాకే పంపండి. జూన్ 15 నుంచి వేసే ఇన్‌వాయిస్‌ల మీద కొత్త చిరునామా ఉండాలి.

పెండింగ్ ఆర్డర్ల నంబర్లు ఆ ఉత్తరం కిందే రాసి, ఒక్కోదానికి సవరించిన పర్చేజ్ ఆర్డర్ జత చేయండి. బిల్లింగ్ చిరునామా విషయంలో ఇంకో మెలిక ఉంది. పన్ను రిజిస్ట్రేషన్‌లో కొత్త చిరునామా నమోదవ్వడం ఆలస్యమైతే, అది పూర్తయ్యేదాకా ఇన్‌వాయిస్ తేదీని ప్రకటించకండి. అకౌంటెంట్‌ను అడిగి ఆ తేదీ వేయండి.

5. పంపడం, గుర్తుచేయడం

అందరి ఈమెయిళ్లూ "టు"లో పెట్టి పంపితే మీ క్లయింట్ల జాబితా అందరి చేతికీ ఇచ్చినట్టే. మెయిల్ మెర్జ్ వాడండి, లేదంటే అందరినీ బీసీసీలో పెట్టండి. వారం ముందు ఒకసారి, కొత్త ఆఫీసు తెరిచిన ఉదయం ఇంకోసారి గుర్తుచేయండి. ఈ రెండూ నాలుగు లైన్లు మించక్కర్లేదు. తిరిగొచ్చిన మెయిళ్ల జాబితా పక్కన పెట్టుకుని, ఆ ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి.

మ్యాప్‌లో లొకేషన్ పిన్‌ను ఆ చోటు ఎరగని మనిషికి పంపి చూడండి. పిన్ భవనం వెనక సందులో పడి ఉంటే అప్పుడే తెలుస్తుంది, సరిచేశాకే ఉత్తరంలో పెట్టండి. పాత చోట తలుపు మీద కొత్త చిరునామా నోటీసు అంటించడానికి యజమాని అనుమతి అడగండి. పోస్టు దారి మళ్లించే సౌకర్యం ఉంటే కొన్ని నెలలకు పెట్టించుకోండి. ఆ తర్వాత కూడా పాత చిరునామా మీదుగా తిరిగివచ్చే ప్రతి కవరు మీద పంపినవాళ్ల పేరు చూడండి. వాళ్లకింకా చిరునామా మారిన సంగతి చేరలేదు.